రెజ్యూమె చివర రిఫరెన్సులు రాయాలా? ‘అడిగితే ఇస్తాం’ అన్న లైను ఉండాలా? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ ఎక్కువగా వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్ల కోసం. అందులోనూ చిన్న దుకాణంలోనో, మిల్లులోనో, మార్కెట్ యార్డులోనో రెండు మూడేళ్లు పనిచేసి ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలకు ప్రయత్నిస్తున్నవాళ్లకు రిఫరెన్సుల గొడవ మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ. అందుకే వాళ్ల ప్రశ్నలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం.

‘రిఫరెన్సెస్ అవైలబుల్ ఆన్ రిక్వెస్ట్’ అన్న లైను రెజ్యూమెలో ఉండాలా?

అక్కర్లేదు, తీసేయండి. కంపెనీకి మీ గురించి ఎవరినైనా అడగాలనిపిస్తే అడుగుతుంది. ఇస్తానని మీరు ముందుగా రాయకపోయినంత మాత్రాన ఆగదు. అడిగాక ఇవ్వనని చెప్పే అభ్యర్థి కూడా ఉండడు కాబట్టి, ఆ లైను చదివినా హెచ్‌ఆర్‌కు మీ గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అది ఉందని ఎవరూ రెజ్యూమెను పక్కన పెట్టరు, లేదని ఎవరూ వెనక్కి పంపరు. పోయేదల్లా చోటే. హెడ్డింగుతో, ఖాళీతో కలిపి మూడు లైన్లు తింటుంది. ఒక పేజీ రెజ్యూమెలో మూడు లైన్లంటే మీరు చేసిన ఒక పని గురించి పూర్తిగా చెప్పుకునేంత చోటు.

కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ఇచ్చిన ఫార్మాట్‌లో ఆ లైను ఉంది. తీసేస్తే తప్పా?

కాలేజీ తన డ్రైవ్ కోసం అందరూ ఒకే ఫార్మాట్‌లో ఇవ్వాలంటే ఆ డ్రైవ్‌కు అలాగే ఇవ్వండి. ఆ ఒక్క లైను కోసం ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌తో వాదన పెట్టుకోవద్దు. బయట మీరు సొంతంగా పంపే రెజ్యూమెకు ఆ నియమం లేదు. చాలా ఫార్మాట్లు సీనియర్ల దగ్గర నుంచి జూనియర్లకు పెన్‌డ్రైవ్‌లో వచ్చినవే. తండ్రి పేరు, వైవాహిక స్థితి, హాబీలు, డిక్లరేషన్‌తో పాటు ఈ లైనూ అలా వస్తూనే ఉంది.

లైను వద్దు సరే, నేరుగా ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు వేస్తే ఇంకా నమ్మకం కలుగుతుంది కదా?

మొదటి వడపోతలో రిఫరెన్సులకు ఎవరూ ఫోన్ చేయరు. రెజ్యూమె చూసేవాళ్లు ఆ సమయంలో అడుగుతున్న పని మీకు వచ్చా, ఎంతకాలం చేశారు, ఎక్కడ చేశారు అన్నవే చూస్తారు. ఫోన్ వెళ్లేది ఇంటర్వ్యూలు అయిపోయి, తీసుకుందామనుకున్న తర్వాతే. కాబట్టి ఆ పేర్ల వల్ల కలగాల్సిన నమ్మకం ఆ దశలో కలగదు.

నష్టం మాత్రం వెంటనే మొదలవుతుంది. మీరు రెజ్యూమెను జాబ్ పోర్టల్‌లో పెడతారు, నలుగురు కన్సల్టెంట్లకు వాట్సాప్‌లో పంపుతారు, వాళ్లు ఇంకొకరికి పంపుతారు. మీ పాత సార్ పేరు, హోదా, పర్సనల్ నంబరు దానితో పాటే తిరుగుతాయి. లోన్ కాల్స్, ఇన్సూరెన్స్ కాల్స్ ఆయనకు మొదలవుతాయి. కొన్నిసార్లు రిక్రూటర్ ఆయనకే ఫోన్ చేసి ‘సార్, మీకు ఉద్యోగం మారే ఉద్దేశం ఉందా’ అని అడుగుతాడు. సీనియర్ హోదాలో ఉన్న మనిషి నంబరు ఊరికే దొరికితే రిక్రూటర్ వదిలిపెట్టడు. అసలు ఫోన్ రావాల్సిన రోజుకు ఆయన కొత్త నంబర్లు ఎత్తడం మానేసి ఉంటాడు.

ఇంకో సంగతి. రెండేళ్ల కిందటి రెజ్యూమె ఇంకా ఎవరి దగ్గరో ఉంటుంది. అందులోని మనిషి ఉద్యోగం మారి ఉండొచ్చు, నంబరు మార్చి ఉండొచ్చు, మీతో సంబంధం చెడి ఉండొచ్చు. మీ చేతి నుంచి వెళ్లిపోయిన కాగితాన్ని మీరు సరిచేయలేరు.

అయితే రిఫరెన్సులు రెజ్యూమెలో వేయాల్సిన సందర్భమే లేదా?

ఉంది. ప్రకటనలో ‘ఇద్దరు రిఫరీల వివరాలతో దరఖాస్తు చేయండి’ అని ఉంటే వేయాల్సిందే. అక్కడ వేయకపోతే దరఖాస్తు అసంపూర్తి కిందికి వస్తుంది. ‘అడిగితే ఇస్తాను’ అని రాయడం అలాంటి చోట ఇంకా చెడ్డది, ఎందుకంటే వాళ్లు అప్పటికే అడిగారు.

అధ్యాపక ఉద్యోగాలు, పరిశోధన ప్రాజెక్టుల్లో పోస్టులు, పోస్ట్‌డాక్ లాంటివాటికి పద్ధతే వేరు. అక్కడ సీవీ చివర ఇద్దరు ముగ్గురు రిఫరీలు ఉండడం ఆనవాయితీ, చాలా దరఖాస్తు ఫారాల్లో దానికి విడిగా గడి కూడా ఉంటుంది. ఆ రంగంలో గైడ్ ఎవరు, ఎవరి ల్యాబ్‌లో పనిచేశారు అన్నది కూడా అర్హతలో భాగమే. రిఫరీకి యూనివర్సిటీ మెయిల్ ఐడీ ఉంటే అదే ఇవ్వాలి.

కొన్ని స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు స్కూళ్లు కూడా మొదట్లోనే అడుగుతాయి. ప్రకటన చివరి పేరా దాకా చదవకుండా పంపేవాళ్లకే ఇక్కడ దెబ్బ తగులుతుంది.

ఆ భాగం తీసేస్తే పేజీ కింద ఖాళీ మిగులుతుంది. ఏం రాయాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. హన్మకొండలో బీకాం చేసిన అమ్మాయి, ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి ఖరీదుదారు దగ్గర మూడేళ్లు అకౌంట్స్ చూసింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగానికి దరఖాస్తు చేస్తోంది. ఆమె రెజ్యూమె ఒక పేజీ దాటి, రెండో పేజీ మీదికి నాలుగు లైన్లు పోయింది. ఆ నాలుగు లైన్లు డిక్లరేషన్, తేదీ, స్థలం, సంతకం. మొదటి పేజీ కింద ‘రిఫరెన్సెస్’ అనే హెడ్డింగ్ కింద సేటు పేరు, దుకాణం చిరునామా, నంబరు, ఆ పక్కన కాలేజీ లెక్చరర్ పేరు, కాలేజీ చిరునామా, నంబరు. హెడ్డింగుతో కలిపి తొమ్మిది లైన్లు.

ఉద్యోగ అనుభవం కింద మాత్రం రెండే లైన్లు ఉన్నాయి: అకౌంటెంట్‌గా పనిచేశాను, టాలీ వచ్చు.

ఆ తొమ్మిది లైన్లు, డిక్లరేషన్ తీసేస్తే రెండో పేజీ అవసరమే ఉండదు, పైగా మొదటి పేజీలో తొమ్మిది లైన్ల చోటు దొరుకుతుంది. అక్కడ ఆమె నిజంగా చేసిన పని రాయాలి. సీజన్‌లో రోజుకు ఎన్ని కొనుగోలు బిల్లులు టాలీ ప్రైమ్‌లో ఎక్కించింది, తక్‌పట్టీలోని తూకం, ధరతో బిల్లును ఎలా సరిచూసింది, వేరే రాష్ట్రానికి లారీ వెళ్లేటప్పుడు ఈ-వే బిల్లు ఎవరు తీశారు, నెలనెలా జీఎస్టీఆర్-1 కోసం అమ్మకాల వివరాలు ఏ తేదీకల్లా ఆడిటర్ ఆఫీసుకు పంపింది, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో ఖాతాలు ఎన్ని రోజులకోసారి సరిపోల్చింది. నెలవారీ దాఖలు చేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11వ తేదీ. అందుకని ‘ప్రతి నెలా 8వ తేదీకల్లా వివరాలు అందజేశాను’ అన్న వాక్యం అకౌంట్స్ మేనేజర్‌కు వెంటనే పడుతుంది. ఈ పిల్లకు గడువు విలువ తెలుసని అర్థమవుతుంది. ‘రిఫరెన్సులు అడిగితే ఇస్తాను’ అన్నదాని నుంచి అలాంటిదేమీ అర్థం కాదు.

రాసే అంకెలన్నీ నిజమైనవి కావాలి. రేపు సేటుకు ఫోన్ వెళ్తే ఆయన నోట వచ్చే మాట మీ రెజ్యూమెకు సరిపోవాలి. అసలు చిక్కు వచ్చేది అక్కడే, కింద చూడండి.

మరి రిఫరెన్సులు ఎక్కడ పెట్టుకోవాలి?

విడిగా ఒక పేజీ తయారు చేసి, పీడీఎఫ్‌గా మీ దగ్గరే ఉంచుకోండి. పైన రెజ్యూమెలో ఉన్నట్టే మీ పేరు, ఫోన్, మెయిల్. కింద ముగ్గురి వివరాలు. సాధారణంగా ఇద్దరినే అడుగుతారు, మూడో మనిషి అందుబాటులో లేనివారికి బదులు.

ఒక్కొక్కరి కింద పేరు, ప్రస్తుత హోదా, సంస్థ, ఊరు, ఫోన్, మెయిల్ ఉంటే సరిపోదు. ఇంకో రెండు విషయాలు రాయాలి. మొదటిది, ఆయనకు మీరెలా తెలుసు: ‘2021 జూన్ నుంచి 2024 మే వరకు నా పనిని నేరుగా చూసిన యజమాని’ అని. రెండోది, ఎప్పుడు ఫోన్ చేస్తే దొరుకుతారు, ఏ భాషలో మాట్లాడతారు.

ఈ రెండోది చాలామంది రాయరు. ఎనుమాములలో మిర్చి సీజన్ నడుస్తున్నప్పుడు పొద్దున పూట యార్డులో వేలం పాటలు, తర్వాత కాంటాలు, హమాలీల హడావుడి. ఉదయం 10 గంటలకు హెచ్‌ఆర్ చేసే ఫోన్‌ను సేటు ఎత్తడు, ఎత్తినా ‘తర్వాత చెయ్యండి’ అని పెట్టేస్తాడు. ‘మధ్యాహ్నం 3 తర్వాత, తెలుగు లేదా హిందీలో’ అని రాసి ఉంటే ఆ ఫోన్ సరైన సమయానికి, సరైన భాషలో వెళ్తుంది. ఇంగ్లిష్‌లో గబగబా ప్రశ్నలు వేస్తే మంచి మనిషి కూడా ముక్తసరిగా ‘యెస్, యెస్’ అని ఊరుకుంటాడు. అవతలివాళ్లకు అది అనుమానంగా వినిపిస్తుంది.

ఈ పేజీని దరఖాస్తుతో పంపవద్దు. ఇంటర్వ్యూకు మాత్రం రెండు ప్రింట్లు పట్టుకెళ్లండి, అడిగితే అప్పటికప్పుడు ఇవ్వొచ్చు.

చిన్న దుకాణంలో పనిచేసినవాళ్లకు రిఫరెన్స్ ఎందుకు ఎక్కువ ముఖ్యం అంటున్నారు?

పెద్ద కంపెనీలో పనిచేసినవాళ్ల వెనుక జాడ ఉంటుంది. పీఎఫ్ ఖాతా ఉంటే యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, హెచ్‌ఆర్ మెయిల్ ఐడీ ఉంటాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ పని వీటితోనే చాలావరకు అయిపోతుంది.

పీఎఫ్ చట్టం సాధారణంగా 20 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఐదారుగురు పనిచేసే ఖరీదుదారు దుకాణానికి పీఎఫ్ లేకపోవడం మామూలే. జీతం కొన్నిసార్లు చేతికే ఇస్తారు. అపాయింట్‌మెంట్ లెటర్ అన్న మాటే ఉండదు. అప్పుడు మీరు మూడేళ్లు పనిచేశారనడానికి మిగిలే సాక్ష్యం సేటు మాట ఒక్కటే. దాన్ని ఫోన్ మీదే వదిలేయకుండా కాగితం మీదికి తెచ్చుకోవాలి.

దుకాణం లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం రాయించుకోండి. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, చేసిన పని రెండు వాక్యాల్లో, సేటు సంతకం, ముద్ర, దుకాణం జీఎస్టీఐఎన్ ఉండాలి. ఆ చివరిది ఎందుకంటే, జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే ఎవరికైనా ఆ వ్యాపారం పేరు, అది నడుస్తోందా లేదా అన్నది కనిపిస్తుంది. తెలంగాణ నంబర్లు 36తో మొదలవుతాయి. దుకాణం నిజంగా ఉందని హైదరాబాద్‌లో కూర్చున్న మనిషి రెండు నిమిషాల్లో తేల్చుకోగలుగుతాడు. జీతంలో కొంతైనా బ్యాంకులో పడి ఉంటే ఆ స్టేట్‌మెంట్ కూడా దాచుకోండి.

సేటు ఒక్కడే ఉన్నాడు. రెండో రిఫరెన్స్ ఎవరు?

పై ఉదాహరణలో అమ్మాయికి ఇట్టే దొరికే మనిషి ఆడిటర్. నెలనెలా ఆమె పంపిన లెక్కలు చూసింది, తప్పులుంటే ఫోన్ చేసి అడిగింది ఆ ఆఫీసే. సేటుకంటే ఆమె పనిని బాగా అంచనా కట్టగలిగేది కూడా వాళ్లే. చార్టర్డ్ అకౌంటెంట్ అయితే ఆ హోదాకే విలువ ఉంటుంది, ఆఫీసు మెయిల్ ఐడీ కూడా ఉంటుంది. ఆయన పేరు వాడొచ్చా అని ఆయన్ను మాత్రమే కాదు, సేటునూ ఒక మాట అడగండి. ఆ ఆడిటర్ సేటు మనిషి కదా.

మూడో పేరుగా డిగ్రీ లెక్చరర్‌ను ఉంచుకోవచ్చు. మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు లెక్చరర్ చివర్లో రావాలి, మొదట్లో కాదు.

ఫ్రెషర్‌ను. ఉద్యోగమే చేయలేదు, ఎవరిని ఇవ్వాలి?

ప్రాజెక్ట్ గైడ్‌ను, ఇంటర్న్‌షిప్ చేసి ఉంటే అక్కడ మీ పని చూసిన మనిషిని. ప్రిన్సిపాల్ పేరు గొప్పగా కనిపిస్తుంది గానీ, వందలమందిలో మీరెవరో ఆయనకు గుర్తుండకపోతే ఫోన్‌లో ‘రికార్డులు చూడాలి’ అంటారు. అలా అనడంకంటే పేరు లేకపోవడమే మేలు. ఫ్రెషర్లకు ఎక్కువ కంపెనీలు మార్కుల మెమోలు, సర్టిఫికెట్లే సరిచూస్తాయి కాబట్టి దీని గురించి మరీ బెంగపడక్కర్లేదు.

మా మేనమామ ఒక కంపెనీలో మేనేజర్. ఆయన పేరు ఇవ్వొచ్చా?

వద్దు. ఎలా తెలుసు అని ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్నకే బండారం బయటపడుతుంది. ఆయన పనిచేసే కంపెనీలోనే ఖాళీ ఉంటే ఆయన మీ రెజ్యూమెను లోపల నుంచి పంపొచ్చు, అది ఎంప్లాయీ రెఫరల్, ఇది కాదు.

మా సర్పంచ్, ఎమ్మెల్యే పీఏ బాగా తెలిసినవాళ్లు. వాళ్ల పేర్లు వేస్తే బరువు ఉండదా?

ప్రైవేటు కంపెనీ హెచ్‌ఆర్ దాన్ని సిఫారసు ప్రయత్నంగా చూస్తారు. మీ పని చూడని మనిషి ఎంత పెద్దవాడైనా మీ పని గురించి చెప్పగలిగేది లేదు. సర్పంచ్ లాంటి ఊరి పెద్దల పేర్లు పనికొచ్చే చోటు వేరే ఉంది. పాస్‌పోర్ట్ దరఖాస్తులో మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు, చిరునామాలు అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో కూడా మీ ప్రాంతంలో బాధ్యత గల ఇద్దరి పేర్లు ఉంటాయి. అక్కడ చూసేది మీ నడవడి, మీరు ఆ ఊరివాళ్లేనా అన్నది. ఆ పేర్లను రెజ్యూమె రిఫరెన్సులతో కలపవద్దు.

సేటును ఎలా అడగాలి? మానేసేటప్పుడు కొంచెం అలిగాడు.

వీలైతే మనిషిగా వెళ్లి అడగండి. సీజన్ లేని రోజుల్లో, యార్డులో రద్దీ తగ్గాక. ‘నా గురించి ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడతారా’ అని నేరుగా అడిగి, జవాబు ఎలా వస్తుందో చూడండి. ‘ఎందుకు మాట్లాడను బిడ్డా’ అంటే సరే. ‘చూద్దాం, నంబర్ ఇచ్చుకో’ అని నసిగితే ఆ పేరును పక్కన పెట్టి, ఆడిటర్‌ను ముందుకు తెండి. ఇష్టం లేని మనిషి చెడుగా చెప్పనక్కర్లేదు, ‘అవును, పనిచేసింది’ అని ఊరుకున్నా చాలు, మీకు నష్టమే.

ఒప్పుకున్నాక, కంపెనీ నిజంగా వివరాలు అడిగిన రోజున ఇంకో మెసేజ్ పెట్టండి. ఇలాంటిది:

‘నమస్తే సేటు గారూ. హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయింది. ఈ వారంలో మీకు కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తది, 040తో మొదలు కావొచ్చు. నేను 2021 జూన్ నుంచి 2024 మే దాకా మీ దగ్గర అకౌంటెంట్‌గా చేసిన అని రాసిన. టాలీ ఎంట్రీలు, ఈ-వే బిల్లులు, ఆడిటర్ సార్‌కు జీఎస్టీ లెక్కలు పంపుడు నా పని అని చెప్పిన. ఎత్తి మాట్లాడుండ్రి.’

ఇందులో పొగడమని అడిగింది లేదు. తేదీలు, హోదా, పని గుర్తుచేయడమే. ఇది ఎందుకు అవసరమో కింద ప్రశ్నలో ఉంది.

ఫోన్‌లో ఏం అడుగుతారు? ఎక్కడ దెబ్బతింటుంది?

మీకు ఎలా తెలుసు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారు, ఏ హోదా, ఏ పని, సమయానికి వచ్చేవారా, ఎందుకు మానేశారు, మళ్లీ తీసుకుంటారా. ఎక్కువగా ఇవే, ఐదారు నిమిషాలు.

మార్కెట్ మనుషులు కాలాన్ని తేదీల్లో చెప్పరు, సీజన్లలో చెబుతారు. ‘మా దగ్గర మూడు సీజన్లు చేసింది’ అంటాడు సేటు. అవతల ఉన్న మనిషికి సీజన్ అంటే నాలుగు నెలలని తోచిందనుకోండి, మూడేళ్లు కాస్తా ఏడాదిగా మారిపోతుంది. హోదా దగ్గరా అంతే. రెజ్యూమెలో ‘అకౌంటెంట్’, సేటు నోట ‘గుమాస్తా’. ఆయన దృష్టిలో రెండూ ఒకటే, వెరిఫికేషన్ రిపోర్టులో మాత్రం ‘హోదా సరిపోలలేదు’ అని పడుతుంది. మానేసిన కారణం కూడా చూడండి. మీరు ఇంటర్వ్యూలో ‘మంచి అవకాశం కోసం’ అన్నారు, ఆయన ‘పెళ్లి కుదిరిందని మానేసింది’ అన్నాడనుకోండి, రెండూ నిజమే అయినా ఎవరో దాచిపెట్టినట్టు కనిపిస్తుంది.

అందుకే మెసేజ్‌లో తేదీలు, హోదా అవే మాటల్లో ఉండాలి, అనుభవ పత్రంలోనూ అవే ఉండాలి. మూడు చోట్ల ఒకే తేదీ ఉంటే ఫోన్‌లో ఒక మాట అటూ ఇటూ అయినా కాగితం సర్దుతుంది.

మరీ చిన్న తప్పు, కానీ తరచూ జరిగేది: ఫోన్ నంబరులో ఒక అంకె తారుమారు. పేజీ తయారయ్యాక అందులోని నంబరుకే మీరు ఒకసారి ఫోన్ చేసి చూడండి, ఫోన్‌లో సేవ్ అయిన పేరు నొక్కి కాదు, కాగితం మీద ఉన్న అంకెలు కొట్టి.

ఇప్పుడు పనిచేస్తున్న చోట తెలియకూడదు. వాళ్లు ఇక్కడికే ఫోన్ చేస్తే?

రెజ్యూమెలో రిఫరెన్సులు వేయకపోవడానికి ఇదొక్కటే కారణంగా సరిపోతుంది. వెరిఫికేషన్ ఫారంలో సాధారణంగా ‘ప్రస్తుత సంస్థను సంప్రదించవచ్చా’ అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ ‘రిలీవ్ అయిన తర్వాతే’ అని రాయండి, హెచ్‌ఆర్‌కు నోటితో కూడా చెప్పండి. ఇది మామూలు కోరిక, ఎవరూ తప్పు పట్టరు. ఫారంలో అలాంటి గడి లేకపోతే మెయిల్‌లో ఒక వాక్యంగా రాసి పెట్టుకోండి. ఈలోపు వాళ్లకు మాట్లాడడానికి పాత సంస్థ మనిషినో, ఇప్పటి సంస్థ నుంచి ఈమధ్య బయటికెళ్లిన సీనియర్‌నో ఇవ్వొచ్చు.

పాత కంపెనీ హెచ్‌ఆర్ ‘తేదీలు తప్ప ఏమీ చెప్పం’ అంటున్నారు.

చాలా కంపెనీల విధానం అదే, మీ మీద కోపం కాదు. హెచ్‌ఆర్‌ను తేదీల కోసం, మీ టీమ్ లీడ్‌ను పని కోసం విడివిడిగా ఇవ్వండి. లీడ్ తన సొంత హోదాలో మాట్లాడతానంటేనే.

నా రిఫరీకి కంపెనీ మెయిల్ లేదు, జీమెయిలే ఉంది. ఏజెన్సీ ఒప్పుకోవడం లేదు.

జీమెయిల్ ఎవరైనా ఏ పేరుతోనైనా తెరవొచ్చు కాబట్టి ఏజెన్సీలు సంస్థ సొంత మెయిలే కావాలంటాయి. చిన్న దుకాణాలకు అది ఉండదని వాళ్లకు రాతపూర్వకంగా చెప్పి, అనుభవ పత్రం, జీఎస్టీఐఎన్, దుకాణం బోర్డు మీదున్న నంబరు ఇవ్వండి. అవసరమైతే వాళ్ల మనిషి దుకాణానికే వచ్చి చూసి వెళ్తాడు. ఈ పని కోసం స్నేహితుడితో కొత్త డొమైన్ కొనిపించి మెయిల్ సృష్టించేవాళ్లు ఉన్నారు. డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూడడం తేలిక, దొరికితే ఆఫర్ పోతుంది.

దుకాణం మూసేశారు, సేటు ఊరే మారాడు.

ఆడిటర్ ఉన్నాడు, మీతో పనిచేసిన సీనియర్ గుమాస్తా ఉన్నాడు. దుకాణం రిజిస్ట్రేషన్ రద్దయినా జీఎస్టీ పోర్టల్‌లో పాత నంబరు వెతికితే రద్దయినట్టు కనిపిస్తుంది, అంటే ఒకప్పుడు ఉండేదనడానికి అదే సాక్ష్యం. మూసేశారన్న సంగతి ఫారంలో మీరే ముందు రాయండి. ఫోన్ కలవక వాళ్లే కనుక్కుంటే వేరేలా ఉంటుంది.

గల్ఫ్ పనికి వెళ్తున్నాను, పాత ఫోర్‌మన్ నంబరు సీవీలో వేయమంటున్నారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏజెంట్లు ఒకే సీవీని చాలా కంపెనీలకు పంపుతారు, కాబట్టి నంబరు ఎక్కడెక్కడికి పోతుందో మీకు తెలియదు. అయినా అడిగితే ఫోర్‌మన్‌ను అడిగి ఒకరి నంబరు వేయండి. ఒక్కటి గుర్తుంచుకోండి: అక్కడి సిమ్ ఆ దేశం వదిలాక ఎక్కువ కాలం ఉండకపోవచ్చు, ఇంటి దగ్గరి వాట్సాప్ నంబరు మాత్రం మిగులుతుంది, అది తీసుకోండి. ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి పనులకు నిర్ణయం ట్రేడ్ టెస్టులోనే జరుగుతుంది. పాత కాంట్రాక్టు కాపీ, అనుభవ పత్రం రిఫరెన్స్ కంటే ఎక్కువ పనికొస్తాయి.

విదేశీ చదువుకు అడిగే రికమెండేషన్ లెటర్ కూడా ఇదేనా?

కాదు. అక్కడ లెక్చరర్ మెయిల్‌కు యూనివర్సిటీయే లింకు పంపుతుంది, ఆయన లెటర్ అందులో అప్‌లోడ్ చేస్తారు. ఆ లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నారా అని అమెరికా దరఖాస్తుల్లో అడుగుతారు, వదులుకుంటున్నామనే ఎక్కువమంది పెడతారు. గడువుకు కనీసం నాలుగు వారాల ముందు అడగండి.

ఇప్పటికే పేర్లతో ఉన్న రెజ్యూమె పోర్టల్‌లో పెట్టేశాను. ఏం చేయాలి?

కొత్త ఫైలు అప్‌లోడ్ చేసి పాతది తొలగించండి. ప్రొఫైల్‌లో రెజ్యూమె పాఠాన్ని విడిగా అతికించి ఉంటే అక్కడా చూసి తీసేయండి, ఫైలు మారినా ఆ పాఠం అలాగే ఉండిపోతుంది. కన్సల్టెంట్లకు కొత్తది పంపి పాతది వాడవద్దని చెప్పండి. తర్వాత ఆ ఇద్దరికీ ఫోన్ చేసి, పేరు ఇచ్చిన సంగతి చెప్పి, ఇకముందు ఉంచాలా వద్దా అని అడగండి. ముందు అడగకుండా వేసినవాళ్లకు ఈ ఫోన్ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అయినా ఎవరో హెచ్‌ఆర్ నోటి నుంచి వాళ్లకు తెలియడం కంటే నయం.